వరదమ్మ పేరులో పెద్ద అక్షరం

కంప్యూటర్ ల్యాబులోకి చెప్పులతో వచ్చినవాళ్లను మురుగేష్ సార్ పాతికేళ్లలో ఒక్కరోజు కూడా క్షమించింది లేదు. పుత్తూరు రోడ్డులో ఉన్న ఆ ఇంజనీరింగ్ కాలేజీలో ప్రిన్సిపాళ్లు ఆరుగురు మారారు, ల్యాబుకు మూడు సార్లు రంగులు మారాయి, ఏసీ పాడై మళ్లీ బాగై మళ్లీ పాడైంది. గుమ్మం ముందు చెప్పుల వరస మాత్రం మారలేదు. "ఈ కాలం కంప్యూటర్లకు దుమ్ము పడినా ఏమీ కాదు సార్" అని కొత్తగా చేరిన లెక్చరర్ ఎవరైనా అంటే, సార్ అతని బూట్ల వైపు చూస్తూ నిలబడేవాడు. ఆ చూపుకు ఎవరైనా లేసులు విప్పుకోవలసిందే.

ఆయన ఉద్యోగం పేరు ల్యాబ్ ప్రోగ్రామర్. పేరు గొప్పదే గానీ పాఠం చెప్పే హోదా కాదది. పాఠం చెప్పేవాళ్లు లెక్చరర్లు. వాళ్లు రెండేళ్లుండి, హైదరాబాదులోనో చెన్నైలోనో మంచి కాలేజీ దొరగ్గానే వెళ్లిపోతారు. పిల్లల వెనక నిలబడి, "సెమికోలన్ యాడబ్బా? ఇంట్లో పెట్టి వచ్చినావా?" అని అడిగేది మాత్రం మురుగేష్ సారే. సి భాష అనగానే ఆ కాలేజీలో చదివినవాళ్లకు గుర్తొచ్చేది పుస్తకం కాదు, ఆయన గొంతు. రెండోది ఆయన మాన్యువల్.

ఆ మాన్యువల్ గురించి చెప్పకుండా ఆయన గురించి చెప్పడం కుదరదు. ముప్పై ప్రోగ్రాములు, అన్నీ ఆయన చేతిరాతే. అక్షరాలు అచ్చుపోసినట్టు నిలువుగా ఉంటాయి. 2001లో, ఉద్యోగంలో చేరిన మొదటి వేసవిలో, రూళ్లకర్ర పెట్టి రాశాడు. కాలేజీ గేటు ఎదురుగా ఉన్న జిరాక్స్ కొట్టులో దాని మాతృక ఒక ప్లాస్టిక్ కవరులో ఎప్పుడూ ఉంటుంది. ఏటా జూలైలో పిల్లలు వచ్చి "మురుగేష్ సార్ సి" అంటే చాలు, కొట్టువాడు మిషన్ ఆన్ చేస్తాడు. వాటిలో పద్నాలుగో ప్రోగ్రాము అంటే సారుకు ప్రత్యేకమైన ఇష్టం. ఎందుకంటే అందులో ఆయన తల్లి ఉంది.

మురుగేష్‌ది నగరి. నాయనది మగ్గం. ఆ తర్వాత మగ్గం పోయి, పవర్‌లూమ్ షెడ్డులో కూలీ. తల్లి వరదమ్మ ఇంట్లో కూర్చుని రాట్నం మీద కండెలు చుట్టేది. ఆ రాట్నం చప్పుడులోనే మురుగేష్ డిగ్రీ దాకా చదివాడు. 1995లో తిరుపతిలో, రైల్వే స్టేషను దగ్గర ఒక మేడ మీద, కంప్యూటర్లు నేర్పే చోట చేరాడు. నగరిలో తెల్లవారి బస్సెక్కి, పుత్తూరు, వడమాలపేట దాటి, అక్కడ చెప్పులు విప్పి లోపలికి పోతే చల్లగా, కొత్త అట్టపెట్టె వాసన వేసేది. నాలుగే కంప్యూటర్లు. ఒక్కోదానికి ముగ్గురు. తెర మీద నీలి రంగు, పసుపు అక్షరాలు. టర్బో సి అంటే అదే. కంట్రోల్, ఎఫ్ తొమ్మిది కలిపి నొక్కితే ప్రోగ్రాము నడిచేది, ఆల్ట్, ఎఫ్ ఐదు నొక్కితే జవాబు కనిపించేది. మనిషి జీవితంలో ఇంతకు మించిన సుఖం ఏముంటుందని ఆ రోజుల్లో ఆయనకు నిజంగానే అనిపించేది.

ఒకరోజు అక్కడి మాస్టారు, ఏదైనా పేరు తీసుకుని దాని మొదటి అక్షరాన్ని ఇంగ్లీషు పెద్దబడి అక్షరంగా మార్చమన్నాడు. మిగతా వాళ్లంతా సినిమా హీరోల పేర్లు కొట్టారు. మురుగేష్ ఇలా కొట్టాడు:

char *name = "varadamma";
name[0] = 'V';
printf("%s\n", name);

తెర మీద Varadamma అని వచ్చింది. దాన్ని డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ మీద, అంచుల్లో బెజ్జాలున్న పొడుగు కాగితం మీద తీయించుకుని, మడత పడకుండా ఒళ్లో పెట్టుకుని ఇంటికి తీసుకువెళ్లాడు.

వరదమ్మకు చదువు రాదు. రేషన్ కార్డు మీద వేలిముద్రే. కాగితాన్ని దీపం దగ్గర పెట్టుకుని, ఎడమ నుంచి కుడికి వేలు జరుపుతూ చూసింది.

"ఇది నా పేరేనా నాయనా?"

"నీ పేరేమా. ఇంగ్లీషులో."

"మొదట్లోది మాత్రం తలెత్తుకోనుండాదే" అంది ఆమె, V మీద వేలు పెట్టి. "తక్కినవన్నీ వొంగుకోని పనిజేస్తా ఉండాయి, ఇదొగటీ తలెత్తుకోని నిలబడుండాది."

ఆ మాట మురుగేష్ మరచిపోలేదు. మాన్యువల్ రాసేటప్పుడు పద్నాలుగో ప్రోగ్రాముగా దాన్నే పెట్టాడు. అప్పటికి వరదమ్మ పోయి ఏడాది. అప్పటి నుంచి ఏటా అరవై మంది, నూట ఇరవై మంది, ఎక్కడెక్కడి పిల్లలో, ఆమె పేరును చిన్న అక్షరాలతో కొట్టి, మొదటిదాన్ని పెద్దది చేసేవారు. ల్యాబంతా ఒకేసారి Varadamma అని మెరుస్తుంటే సార్ కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ కిటికీ వైపు తిరిగేవాడు. ఎండ తగిలిందనేవాడు. ఆ కిటికీ ఉత్తరం వైపుది, అక్కడికి ఎండ రానేరాదు.

ఆ ప్రోగ్రాములో తప్పుందని ఆయనకు మొదట చూపించింది నందిత.

పలమనేరు పిల్ల, 2005 బ్యాచ్. చెప్పింది చెప్పినట్టు చేసే రకం కాదు. ఒకరోజు ప్రోగ్రామును కాస్త మార్చి, ఒకే పేరును రెండు చోట్ల రాసింది. మాట ఉన్న చోటును చూపే ఒక పాయింటర్ పేరు a, ఇంకోదాని పేరు b, రెండింటికీ ఎదురుగా "varadamma". మార్చింది a మొదటి అక్షరాన్ని మాత్రమే. తీరా చూస్తే రెండూ పెద్ద V తోనే వచ్చాయి.

"సార్, నేను ఒగదాన్నే మార్చినాను. రెండోది యెట్ల మారింది? ఆ పేరు ఇద్దరిదీ ఒగటేనా? అయితే అది ఎవురిది సార్?"

సార్ మెనూలోకి వెళ్లి చూశాడు. ఒకేలాంటి మాటలు రెండున్నా మెమరీలో ఒకటిగానే దాచమని చెప్పే ఆప్షన్ ఒకటుంది. ఎవరో దాన్ని ఆన్ చేసి ఉన్నారు. ఆయనకు నచ్చనిది అదే, ఆయన సర్ది పెట్టిన మిషన్ను ఇంకొకరు కెలకడం. నందిత అడిగిన ప్రశ్న ఆ కోపంలో కొట్టుకుపోయింది.

"ఆప్షన్లు ముట్టుకోమని ఎవురు చెప్పినారు నీకు? ప్రోగ్రాములో ఏ తప్పూ లేదు. మిషన్ను చెడగొట్టి ప్రోగ్రామును అంటావా? రెండు వారాలు నువ్వు కంప్యూటర్ ముట్టుకోబాకు. కూసోని సూడు."

రెండు వారాలు ఆ అమ్మాయి స్టూలు మీద కూర్చుని పక్కవాళ్లు కొడుతుంటే చూసింది. సారు ఆ సంగతి మరచిపోయాడు.

మరచిపోయాననే అనుకున్నాడు.

ఈ ఏడు కాలేజీకి కొత్త సిలబసు వచ్చింది. టర్బో సి ని సాగనంపారు. నిజానికి అది ఎప్పుడో పోవలసింది. పది పన్నెండేళ్లుగా కొత్త మిషన్లలో దాని కోసం ఒక పాతకాలపు గది లాంటిది కట్టి, అందులో దాన్ని నడుపుతూ వచ్చారు. ఇప్పుడు అన్ని మిషన్లలోనూ ఉబుంటు అనే లైనక్సు వేశారు. కొత్త బ్యాచ్‌కు కొత్త మాన్యువల్, కంప్యూటర్లో టైపు చేసింది, లెక్చరర్లు తయారు చేశారు. సారు చేతిరాత మాన్యువల్ ఇక పాత సిలబసు వాళ్ల సప్లిమెంటరీ పరీక్షకు మాత్రమే. ఆ పరీక్ష ఒక్కటి జరిపించేస్తే నెలాఖరుకు ఆయన రిటైర్మెంటు కూడా.

పరీక్షకు పది రోజుల ముందు, మధ్యాహ్నం ల్యాబు ఖాళీగా ఉన్నప్పుడు, సార్ తన ముప్పై ప్రోగ్రాములనూ కొత్త మిషన్లో ఒక్కొక్కటిగా నడిపి చూశాడు. పాత పద్ధతి లైన్లు అక్కడక్కడా తీసేయవలసి వచ్చింది గానీ, పదమూడు దాకా అన్నీ నడిచాయి. పద్నాలుగోది కొట్టాడు. కంపైల్ అయింది. ఒక్క ఎర్రర్ లేదు, ఒక్క హెచ్చరిక లేదు. నడిపాడు.

Segmentation fault (core dumped)

పేరు రాలేదు, ప్రోగ్రాము మధ్యలోనే కూలిపోయింది.

"ఈ ఉబుంటుకు మా అమ్మ పేరు పడలేదు" అన్నాడు ఆయన గట్టిగా, వినేవాళ్లు ఎవరూ లేకపోయినా. పక్క మిషన్లో నడిపాడు. అదే మాట. దాని పక్క మిషన్లో కూడా అదే. మిషన్ను తిట్టడానికి ఇక మిషన్లు మిగల్లేదు. అప్పుడు కూర్చుని, నెట్‌లో వెతికి, మూడు నాలుగు చోట్ల చదివాడు. చదివేకొద్దీ ఆయనకు చెవులు వేడెక్కాయి.

ప్రోగ్రాములో కొటేషన్ల మధ్య రాసిన మాటను కంపైలర్ ఒక చోట దాచిపెడుతుంది. ఆ మాటను చదువుకోవచ్చు, మార్చే హక్కు లేదు. మార్చబోతే ఏం జరుగుతుందో సి భాష హామీ ఇవ్వదు, ఏమైనా జరగవచ్చు. name అనే పాయింటర్‌లో పేరు లేదు, ఆ పేరున్న చోటి చిరునామా మాత్రమే ఉంది. టర్బో సి నడిచిన పాత డాస్ రోజుల్లో మెమరీకి కాపలా లేదు కాబట్టి ఎవరు ఎక్కడ దిద్దినా అడిగేవాడు లేడు. లైనక్సులో ఆ మాటలున్న పేజీలను చదవడానికి మాత్రమే అని గుర్తు పెట్టి ఉంచుతారు. అక్కడ రాయబోతే సిస్టమ్ ప్రోగ్రామును అక్కడికక్కడే ఆపేస్తుంది. అంటే టర్బో సి లో ప్రోగ్రాము నడిచింది సరిగ్గా ఉన్నందుకు కాదు, పట్టుకునేవాళ్లు లేనందుకు.

నందిత అడిగింది ఆయన చెవిలో మళ్లీ వినిపించింది. అది ఎవురిది సార్?

దిద్దడం చిటికెలో పని. నక్షత్రం గుర్తు కొట్టేసి, పేరు పక్కన రెండు బ్రాకెట్లు పెడితే చాలు. ఆయన ఆ పని చేయలేదు. చేస్తే కొట్టులో మాతృక మార్చాలి, లెక్చరర్లకు చెప్పాలి, పాతికేళ్లు తప్పు నేర్పానని ఒప్పుకోవాలి. నెలాఖరుకు శాలువా కప్పించుకోబోతున్న మనిషికి అది మింగుడుపడలేదు. పరీక్షకు వచ్చేది ఐదుగురు. ప్రోగ్రాముకొకటి చొప్పున చీటీలు ముప్పై, తలా ఒకటి తీయాలి. పద్నాలుగు ఎవరికి తగులుతుందిలే అనుకున్నాడు.

చీటీలు రాసేది కూడా ఆయనే. పద్నాలుగో చీటీని తీసేస్తే సరిపోయేది. రాసిన దాన్ని తీసి జేబులో పెట్టుకున్నాడు కూడా. కాసేపటికి మళ్లీ డబ్బాలో వేశాడు. ఇదే ఆఖరి పరీక్ష, అమ్మ పేరు లేకుండా ఎట్లా అనిపించింది. తెలివైన మనిషి చేసే పనేనా అంటే కాదు. కానీ ఆ చీటీని చించడానికి ఆయనకు చేతులు రాలేదు.

పరీక్ష రోజు ఉదయం పది గంటలకు, బయటి కాలేజీ నుంచి ఎగ్జామినర్ వచ్చింది. గుమ్మం దగ్గర ఎవరూ చెప్పకుండానే చెప్పులు విప్పి, వరసలో పెట్టి లోపలికి వచ్చింది.

"బాగుండారా సార్?"

ఆయన గుర్తుపట్టాడు. జుట్టులో కొంచెం తెలుపు, కళ్లద్దాలు. చిత్తూరులో ఒక కాలేజీలో అసోసియేట్ ప్రొఫెసరట.

"నందితా... నువ్వా? కూసోమా, కూసో" అంటూ కుర్చీ ముందుకు జరిపాడు.

ఐదుగురు పిల్లలూ చీటీలు తీశారు. నాలుగో పిల్ల చీటీ విప్పి నంబరు చదివింది. పద్నాలుగు.

ఆమె పేరు నిస్సీ. వడమాలపేట అమ్మాయి, తల్లి కృపామణి అక్కడే అంగన్‌వాడీలో పని చేస్తుంది. మొదటి ఏడాది ల్యాబు పరీక్ష నాటికి కామెర్లు వచ్చి ఆసుపత్రిలో ఉండిపోయింది. ఆ తర్వాత ఒకసారి సప్లిమెంటరీకి వచ్చి భయంతో ఏమీ కొట్టలేక తప్పింది. మిగతా అన్నీ పాసు. శ్రీసిటీలో ఒక కంపెనీ ఉద్యోగం ఇస్తామంది, నెలాఖరు లోపల పాసైనట్టు కాగితం చూపించాలి. ఈ సంగతులన్నీ సారుకు తెలుసు. కృపామణి నిన్ననే ఫోన్ చేసి, "మా బిడ్డను కొంచెం ధైర్యంగా ఉండమని చెప్పండి సార్" అని బతిమాలుకుంది.

నిస్సీ ముందు జవాబు కాగితం మీద ప్రోగ్రాము రాసింది. కంఠతా వచ్చిన ప్రోగ్రాము, మాన్యువల్లో ఉన్నది ఉన్నట్టు. తర్వాత మిషన్ ముందు కూర్చుని కొట్టింది. కంపైల్ అయింది. ఆ పిల్ల ముఖం విప్పారింది. నడిపింది.

సార్ దూరం నుంచే ఆ ముఖం చూశాడు. తెర చూడనక్కర్లేదు.

నిస్సీ మళ్లీ కొట్టింది. మళ్లీ అదే. అక్షరం అక్షరం కాగితంతో సరిచూసుకుంది. ఏ తేడా లేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. పదకొండున్నరకు నందిత వచ్చి వెనక నిలబడింది.

"అవుట్‌పుట్ రాలేదా?"

"లేదు మేడం. మాన్యువల్లో ఉండేదే కొట్టినాను మేడం. ఒక్క అక్షరం తప్పు లేదు."

నందిత తెర వైపు చూసింది. varadamma అన్న పేరును చూసింది. ముఖంలో ఏ మార్పూ లేదు. చేతిలోని మార్కుల కాగితం మీద పెన్ను పెట్టి, "ప్రశ్న మార్చుకుంటావా? మార్చుకుంటే పది మార్కులు పోతాయి. వైవాలో అటూ ఇటూ అయితే కష్టం" అంది. నిస్సీకి ఆ పది మార్కులు పోతే గట్టెక్కడం అనుమానమే. తలకాయ ఊపలేక, ఊపకుండా ఉండలేక కూర్చుంది.

ల్యాబ్ సిబ్బంది పరీక్షలో నోరెత్తకూడదని రూలు. ఆ రూలును అడ్డం పెట్టుకుంటే మురుగేష్ సారును ఎవరూ ఏమీ అనరు. అమ్మాయి ప్రశ్న మార్చుకుంటుంది, పాసవుతుందో లేదో దేవుడి దయ, శాలువా మాత్రం ఖాయం. ఆయన కిటికీ వైపు తిరిగాడు. అక్కడా ఎండ లేదు.

ఆ అమ్మాయి ప్రశ్న మార్చుకుంటే, తప్పు తనదేననుకుంటూ ఇంటికి పోతుంది. ఆ ఊహ రాగానే ఆయనకు స్టూలు మీద కూర్చుని పక్కవాళ్ల చేతులు చూస్తున్న నందిత కనిపించింది. మరచిపోలేదు. ఏ బెంచీ దగ్గరో కూడా గుర్తుంది.

"ఒక్క నిమిషం మేడం" అన్నాడు.

నందిత తిరిగింది. ఆయన ఆమెను మేడం అని పిలవడం ల్యాబంతా విన్నది.

"ఆ పాపది తప్పు గాదు. మాన్యువల్ తప్పు. నేను రాసినదే తప్పు. పది దినాల ముందరే నాకు తెలిసింది, తెలిసి కూడా సెప్పలేదు." నందిత ముఖంలోకి చూశాడు. "నువ్వు సెప్పినావు ఆ పొద్దే. నేనే ఇనలేదు."

నందిత పెన్ను మూసింది.

"ఏం సెయ్యాలో మీరు సెప్పకూడదు సార్. రూలు."

"సెప్పను."

"నేనూ చెప్పను." నిస్సీ వైపు తిరిగింది. "ప్రశ్న మార్చుకోబాకు, మార్కులు పోవు. మాన్యువల్ను మరిచిపో. తప్పు యాడుందో నువ్వే పట్టుకోవాల. ఒంటిగంట దాకా టైముండాది."

మాన్యువల్ను మరచిపోవడమంటే నిస్సీకి ముందు అర్థం కాలేదు. రెండేళ్లుగా ఆమెకు తెలిసిన సి అంతా అదే. కళ్లు తుడుచుకుని, మొదటి లైను తర్వాత పేరును తెర మీద చూపించే printf ఒకటి పెట్టి చూసింది. varadamma అని వచ్చి, ఆ తర్వాతే కూలింది. అంటే పేరు ఉంది, చదవడం కుదురుతోంది. name[0] లైనును నడవకుండా కామెంటులో పెట్టి చూసింది. కూలలేదు. ఆ లైనునే పట్టుకుని కూర్చుంది. తర్వాత ఏదో తోచి, name = "krupamani"; అని రాసింది. కూలలేదు, తల్లి పేరు వచ్చింది. ఆ పిల్ల నడుము నిటారైంది.

సార్ చేతులు వెనక్కి కట్టుకుని గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఆ చేతులు కీబోర్డు మీదికి పోతాయేమోనని ఆయనకే భయం.

పన్నెండున్నర దాటాక నిస్సీ ఆ నక్షత్రం గుర్తు చెరిపింది. name పక్కన రెండు బ్రాకెట్లు పెట్టింది.

char name[] = "varadamma";

నడిపింది. Varadamma.

"మేడం!" అని అరిచి, వెంటనే నోరు మూసుకుంది.

నందిత కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది. "వైవా ఇదే. ముందుది ఎందుకు కూలింది, ఇది ఎందుకు నడిచింది? పుస్తకం భాష వొద్దు."

నిస్సీ కుర్చీలో ఆమె వైపు తిరిగింది.

"మా చర్చి గోడలో శంకుస్థాపన రాయి ఉండాది మేడం. దాంట్లో మా తాత పేరు తప్పు చెక్కినారు, ఇమ్మానుయేల్ అనేదాంట్లో ఒక అక్షరం పోయింది. ఈ పొద్దుటికీ అట్లనే ఉండాది. ఎవురైనా చదవొచ్చు, దిద్దే దానికి లేదు. ముందు ప్రోగ్రాములో నా దగ్గరుండేది ఆ రాయి యాడుందో రాసుకున్న చీటీ మాత్రమే మేడం. చీటీలో ఇంకో రాయి అడ్రసు రాసుకోవచ్చు, మా అమ్మ పేరు పెట్టినప్పుడు అదే జరిగింది. కానీ రాయిని గీకబోతే ఒప్పుకోదు. ఇప్పుడు బ్రాకెట్లు పెట్టినాక, ఆ అక్షరాలన్నీ నా నోటుబుక్కులోకి రాసుకున్నట్టు. ఇది నాది. దీంట్లో ఏమైనా దిద్దుకోవచ్చు."

"ఆ నోటుబుక్కుకు sizeof వేస్తే ఎన్ని బైట్లు?"

"పది మేడం. తొమ్మిది అక్షరాలు, చివర్న మాట అయిపోయిందని చెప్పే సున్నా ఒకటి."

"చీటీకి?"

"ఈ మిషన్లో ఎనిమిది. పేరు ఎంత పొడుగున్నా అంతే."

"మరి నోటుబుక్కు పేరుకు ఎదురుగా name = "krupamani" అని రాస్తే?"

"కంపైలే కాదు మేడం. చీటీనైతే మార్చుకోవచ్చు. నోటుబుక్కును ఎత్తి ఇంకోచోట పెట్టేదానికి లేదు, లోపల అక్షరాలే మార్చుకోవాల."

నందిత మార్కులు వేసి కాగితం మడిచింది. నిస్సీ చెప్పుల దగ్గరికి వెళ్లే దాకా నడిచింది, అక్కడి నుంచి పరుగెత్తింది. వరండాలో ఫోనులో "పాసైపోతానుమా" అంటూ అరవడం ల్యాబు లోపలికి వినిపించింది.

పిల్లలంతా వెళ్లాక సార్ బీరువా తెరిచి, ప్లాస్టిక్ కవరు బయటికి తీశాడు. మాతృకను కొట్టు నుంచి పొద్దునే తెప్పించి పెట్టుకున్నాడు, ఎందుకు తెప్పించాడో అప్పుడు ఆయనకే తెలియదు. కాగితాలు పసుపు పచ్చగా అయ్యాయి. పద్నాలుగో పేజీ తీసి, రూళ్లకర్ర పెట్టి, నక్షత్రం గుర్తు మీద ఒక గీత గీశాడు. బ్రాకెట్లు పెట్టాడు. బ్రాకెట్లు కొంచెం వంకరగా వచ్చాయి. కింద ఇంకో లైను రాసి, పేజీని నందిత వైపు తిప్పాడు.

ఈ తప్పును మొదట కనుక్కున్నది: నందిత, పలమనేరు, 2005 బ్యాచ్.

నందిత చదివింది. కళ్లద్దాలు తీసింది.

"ఆ రెండు వారాలూ రోజూ హాస్టల్‌కు పోయి ఏడ్చినాను సార్. మిషన్ చెడగొట్టినాననే అనుకున్నాను. ఎంటెక్‌లో చదివినాకనే తెలిసింది నేను అడిగింది సరైన ప్రశ్నేనని. అప్పుడు మీకు ఫోన్ చేసి అరవాలనిపించింది."

"అరిచింటే బాగుండు."

"మీరు ఇనేవోళ్లా?"

"లేదులే" అన్నాడు సార్, నిజమే కాబట్టి. తర్వాత, "నువ్వు అడిగినావు గదా, ఆ పేరు ఎవురిదని. మా అమ్మదిమా. వరదమ్మ మా అమ్మ" అన్నాడు.

పాతికేళ్లలో ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. పిల్లలు అదేదో ఊరి దేవత పేరనుకునేవారు. నగరి ఇంటిని, కండెల రాట్నాన్ని, అంచుల్లో బెజ్జాలున్న కాగితాన్ని, తలెత్తుకుని నిలబడ్డ అక్షరాన్ని నిలబడే చెప్పాడు. నందిత కూర్చుని విన్నది. ఇద్దరి మధ్యా Varadamma అన్న తెర ఇంకా వెలుగుతూనే ఉంది, ఎవరూ దాన్ని ఆపలేదు.

"ఆ కాగితం ఉండాదా సార్?"

"ఇంక్ ఎలిసిపోయింది. తెల్లకాగితమే ఇప్పుడు. ఆమె వేలు పెట్టిన చోట మాత్రం కొంచెం మసి ఉండాది."

నందిత లేచి, ఆ పద్నాలుగో పేజీని రెండు చేతులతో పట్టుకుంది.

"దీన్ని నాకొక జిరాక్స్ తీసియ్యాల సార్. మా కాలేజీలో జూలై నుంచి మా పిల్లోళ్లకు ఇదే ప్రోగ్రాము పెడతాను. తప్పూ ఒప్పూ రెండూ సూపిస్తాను."

"పేరు మార్చుకోమా. మీ ఊరోళ్ల పేరేదైనా పెట్టుకో."

"మార్చను సార్" అంది నందిత. "వరదమ్మ అనే ఉంటుంది."

సార్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఈసారి కిటికీ వైపు తిరగలేదు. ఇద్దరూ కలిసి గుమ్మం దాకా వచ్చి, చెప్పులు తొడుక్కుని, గేటు ఎదురుగా ఉన్న జిరాక్స్ కొట్టుకు నడిచారు.